నష్టపరిహారం లెక్కలో రెండు తేదీలు

వెనక వరసలో వాళ్లకు వినబడుతోందా? సరే. ఈ గంటలో ఒక్క ప్రశ్నే చేద్దాం. ఒక్క ప్రశ్న, పూర్తిగా, చివరి అంకె దాకా. ఒప్పంద ఉల్లంఘన మీద ప్రశ్న వస్తే చాలామంది సిద్ధాంతం బాగా రాస్తారు, కేసుల పేర్లు బాగా రాస్తారు, లెక్క దగ్గరికి వచ్చేసరికి "కాబట్టి వాది తగిన నష్టపరిహారం పొందుతాడు" అని ముగించేస్తారు. తగిన అంటే ఎంత? అడిగింది అదే కదా! అంకెలు ఇచ్చిన ప్రశ్నకు అంకెతోనే జవాబు చెప్పాలి.

ప్రశ్న చదువుతాను, అంకెలు రాసుకోండి. ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మార్చి 10న ఒక యంత్రాల కంపెనీతో ఒప్పందం చేసుకుంది. కొత్త ప్రింటింగ్ మెషీను, ధర 40 లక్షలు. అడ్వాన్సు 10 లక్షలు ఇచ్చేశారు, మిగతా 30 లక్షలు మెషీను చేతికి వచ్చాక. డెలివరీ జూన్ 1న. ఒప్పందానికి ముందే ప్రెస్సు యజమాని కంపెనీకి చెప్పాడు: "మా పాత మెషీను అమ్మేశాం, జూన్ నుంచి మా పనంతా దీని మీదే." జూన్ 1 వచ్చింది. కంపెనీ "మేం ఇవ్వలేం" అంది. అడ్వాన్సు కూడా వెనక్కి ఇవ్వలేదు.

ఆ రోజున అదే మోడల్ వేరేచోట 44 లక్షలకు దొరుకుతోంది. ఆర్డరు పెడితే రెండు వారాల్లో వస్తుంది. ఆ ధర జూన్ 20 దాకా అలాగే ఉంది, ఆ తర్వాత 47 లక్షలయింది. మన యజమాని ఏం చేశాడు? నాలుగు వారాలు కంపెనీకి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాడు. జూన్ 29న మరోచోట 47 లక్షలకు ఆర్డరు పెట్టాడు. మెషీను జూలై 13న వచ్చింది. అంటే ప్రెస్సు ఆరు వారాలు ఆగిపోయింది. మధ్యలో, జూన్ మొదటి వారంలో, పని ఆగకూడదని ఒక చిన్న పాత మెషీను 30 వేలకు అద్దెకు తెచ్చాడు. అది ఒక్క పేజీ కూడా సరిగ్గా అచ్చు వేయకుండానే చెడిపోయింది.

ఇంకా ఉంది. ప్రెస్సుకు మామూలు పని మీద వారానికి లక్షన్నర వస్తుంది. అందులో కాగితం, సిరా, కరెంటు కలిపి 80 వేలు. జీతాలు, అద్దె కలిపి 40 వేలు. ప్రెస్సు ఆగినా ఇవి కట్టక తప్పదు. వీటికి తోడు రాత్రి షిఫ్టులో చేయాల్సిన పాఠ్యపుస్తకాల ఆర్డరు ఒకటి ఉంది, దాని మీద ఖర్చులన్నీ పోను 5 లక్షల లాభం. మెషీను లేదని తెలిసి ఆ ఖాతాదారు జూన్ 7న ఆర్డరు రద్దు చేసుకున్నాడు. ఈ ఆర్డరు సంగతి యంత్రాల కంపెనీకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు యజమాని అడిగేది వినండి. మెషీను ధరలో తేడా 7 లక్షలు. ఆరు వారాలకు, వారానికి లక్షన్నర చొప్పున, 9 లక్షలు. పుస్తకాల ఆర్డరు 5 లక్షలు. అద్దె మెషీను 30 వేలు. మొత్తం 21 లక్షల 30 వేలు, దాని మీద అడ్వాన్సు 10 లక్షలు. 31 లక్షల 30 వేలు! కోర్టు ఎంత ఇస్తుంది?

ముందు ఒక మాట. ఈ ప్రశ్నలో మార్చి 10, జూన్ 1 అని రెండు తేదీలున్నాయి చూడండి. ఆ రెండు తేదీలే ఈ ప్రశ్నకు తాళం చెవులు. మార్చి 10 ఒప్పందం జరిగిన రోజు. జూన్ 1 ఒప్పందం తప్పిన రోజు. నష్టం మరీ దూరపుదా కాదా, అంటే రిమోట్‌నెస్, దాన్ని మార్చి 10న నిలబడి చూడాలి. నష్టాన్ని తగ్గించుకోవడం, అంటే మిటిగేషన్, దాన్ని జూన్ 1 నుంచి ముందుకు చూడాలి. ఈ రెంటినీ కలిపేసిన జవాబులే ఎక్కువగా వస్తాయి. "యజమాని ఆర్డరు సంగతి చెప్పలేదు కాబట్టి నష్టం తగ్గించుకోలేదు" అని రాస్తారు. అలా రాయకండి. చెప్పకపోవడం మార్చి నాటి సంగతి. కూర్చోవడం జూన్ నాటి సంగతి.

పద్ధతి ఏమిటి? ముందు, ఒప్పందం సవ్యంగా జరిగుంటే వాది ఎక్కడ ఉండేవాడో ఆ స్థితికి డబ్బుతో తీసుకెళ్లడం. 1848లో రాబిన్సన్ వర్సెస్ హార్మన్ కేసులో చెప్పిన సూత్రం ఇదే. ఆ సూత్రం ప్రకారం నష్టాల పద్దులు రాసుకోవాలి. ఒక్కో పద్దును రిమోట్‌నెస్ జల్లెడలో వేయాలి. మిగిలిన పద్దుల మొత్తాలను మిటిగేషన్‌తో తగ్గించాలి. రిమోట్‌నెస్ నష్టపు రకాన్ని చూస్తుంది, మిటిగేషన్ నష్టపు పరిమాణాన్ని కోస్తుంది. రకం ముందు, పరిమాణం తర్వాత. అసలు లెక్కలోకే రాని పద్దును తగ్గించుకున్నాడా లేదా అని చర్చించడం దండగ కదా.

పద్దులు

మొదటి పద్దు మెషీను ధర. ఇక్కడ అడ్వాన్సు దగ్గర ఒక గుంట ఉంది, అందరూ పడతారు. యజమాని ఇంకా కట్టాల్సింది 30 లక్షలే, కొత్త మెషీనుకు 44 పెట్టాలి, కాబట్టి తేడా 14 లక్షలు అని ఒకరు రాస్తారు. అది తప్పు కాదు. ఆ 14 లక్షల్లో 10 అడ్వాన్సు, 4 ధర తేడా. కానీ అదే విద్యార్థి కింద మరో వరసలో "అడ్వాన్సు తిరిగి 10 లక్షలు" అని రాసి, 24 చేస్తాడు. అడ్వాన్సు రెండుసార్లు లెక్కలోకి వచ్చింది, గమనించారా? శుభ్రమైన దారి ఏమిటంటే, అడ్వాన్సును విడిగా తిరిగి ఇప్పించండి, ధర తేడాను ఒప్పంద ధర 40 నుంచి లెక్కపెట్టండి. 44లోంచి 40 తీస్తే 4 లక్షలు. పైన 7 అని అడిగాడే, ఆ మిగతా 3 లక్షల సంగతి మిటిగేషన్‌లో వస్తుంది, ఇప్పుడే కొట్టేయకండి.

మార్కెట్ ధర అన్నప్పుడు ఏ రోజు ధర, ఏ ఊరి ధర అని రాయాలి. ఉల్లంఘన జరిగిన రోజు, డెలివరీ జరగాల్సిన చోటు. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1962లో సుప్రీంకోర్టు మురళీధర్ చిరంజీలాల్ కేసులో చూపించింది. సరుకు కాన్పూర్‌లో అప్పగించాలి, కొన్నవాడు కలకత్తా ధర రుజువు చేశాడు. కాన్పూర్ ధర రుజువు చేయలేదు. కలకత్తాలో అమ్మే ఉద్దేశం అవతలివాడికి తెలుసని కూడా తేలలేదు. ధర తేడా కింద నష్టపరిహారం రాలేదు. మన ప్రశ్నలో ఒక్క ధరే ఇచ్చారు కాబట్టి సమస్య లేదు. రెండు ఊళ్ల ధరలు ఇచ్చిన ప్రశ్న వస్తే మాత్రం అక్కడే మార్కులున్నాయని అర్థం.

రెండో పద్దు, ఆగిపోయిన పని. వారానికి లక్షన్నర అడిగాడు. లక్షన్నర అతని ఆదాయం. ఆదాయం నష్టమా? పని ఆగినప్పుడు కాగితం కొనలేదు, సిరా కొనలేదు, కరెంటు కాలలేదు. ఆ 80 వేలు జేబులోనే ఉన్నాయి. అలా ఆదా అయిన ఖర్చు తీసేస్తే 70 వేలు. మరి జీతాలు, అద్దె 40 వేలు? ఇక్కడ రెండు రకాల తప్పులు వస్తాయి. ఒకరు వాటిని కూడా తీసేసి 30 వేలు నికర లాభం మాత్రమే ఇస్తారు. అది తక్కువ, ఎందుకంటే ప్రెస్సు ఆడినా ఆగినా జీతాలు కట్టాడు, వాటికి ఎదురు రావాల్సిన ఆదాయం రాలేదు. మరొకరు 70 వేలు ఇచ్చి, "ఊరికే కట్టిన జీతాలు, అద్దె" అని మళ్లీ 40 వేలు కలుపుతారు. అది ఎక్కువ, ఎందుకంటే ఆ 70 వేలలోనే 40 వేలు ఉన్నాయి. 30 వేల లాభం, 40 వేల జీతాలూ అద్దె, కలిపితే 70. అంతే. వారానికి 70 వేలు అని రాసుకోండి, కింద గీత గీయండి.

మరి ధర తేడా, ఆగిన పని, రెండూ ఒకేసారి ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు. ధర తేడా రెండో మెషీను ఖరీదు కోసం. పని నష్టం ఆ రెండో మెషీను వచ్చేదాకా పోయిన వారాల కోసం. ఒకదాని మీద ఒకటి పడవు. ఆ మెషీను వచ్చాక కూడా "రావాల్సిన లాభం" అడిగితే అప్పుడు పడతాయి.

మూడో పద్దు పుస్తకాల ఆర్డరు, నాలుగోది అద్దె మెషీను.

మార్చి 10న ఎవరికి ఏం తెలుసు

రిమోట్‌నెస్‌కు రండి. 1854లో హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్. గ్లౌస్టర్‌లో ఒక పిండిమర, దాని క్రాంక్‌షాఫ్టు విరిగింది. కొత్తది చేయించడానికి విరిగినదాన్ని నమూనాగా గ్రీనిచ్‌కు పంపాలి, రవాణా సంస్థకు ఇచ్చారు. వాళ్లు ఆలస్యం చేశారు, మర ఆగిపోయింది. మర ఆగిన లాభం రవాణా సంస్థ ఇవ్వాలా? బారన్ ఆల్డర్‌సన్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, అలాంటి ఉల్లంఘన వల్ల మామూలుగా, సహజంగా వచ్చే నష్టం. రెండు, ప్రత్యేక పరిస్థితుల వల్ల వచ్చినా, ఒప్పందం చేసుకున్నప్పుడే ఇద్దరి దృష్టిలోనూ ఉండగల నష్టం. విరిగిన షాఫ్టు రవాణాకు ఇచ్చారంటే మర ఆగి ఉందనేమీ కాదు, వాళ్ల దగ్గర మరో షాఫ్టు ఉండొచ్చు. కాబట్టి మొదటి దారి లేదు. ఆలస్యమైతే లాభం పోతుందనే పరిస్థితి వాళ్లకు తెలియజేసినట్టు కోర్టు తీసుకోలేదు. కాబట్టి రెండో దారీ లేదు. మన కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 73 చదవండి. అందులో ఈ రెండు దారులూ ఉన్నాయి, దూరపు, పరోక్ష నష్టానికి పరిహారం లేదన్న మాట కూడా ఉంది. "ఒప్పందం చేసుకున్నప్పుడు" అన్న మాట కింద గీత గీయండి. మార్చి 10 అంటే అదే.

ఇప్పుడు మన పద్దుల్ని అక్కడ నిలబెట్టండి. ధర తేడా సరుకు అమ్మకంలో మామూలుగా వచ్చే నష్టం, మొదటి దారి. మామూలు పని ఆగడం? ఇక్కడ హాడ్లీ కేసును గుడ్డిగా అతికిస్తారు. "హాడ్లీలో మర ఆగిన లాభం రాలేదు, కాబట్టి ఇక్కడా రాదు." అక్కడ రాకపోవడానికి కారణం ఏమిటి? ఆ విషయం తెలియకపోవడం. ఇక్కడ? పాత మెషీను అమ్మేశామని, పనంతా దీని మీదేనని మార్చిలోనే చెప్పాడు. పైగా ఎదుటివాడు రవాణా మనిషి కాదు, ప్రింటింగ్ మెషీన్లు అమ్మే కంపెనీ. మెషీను దేనికి కొంటారో వాళ్లకు తెలియదా? కేసు ఫలితాన్ని కాదు, కేసు కారణాన్ని అతికించండి. మామూలు పని నష్టం వస్తుంది.

పుస్తకాల ఆర్డరుకు సరిగ్గా సరిపోయే కేసు 1949 నాటి విక్టోరియా లాండ్రీ. బట్టలుతికే కంపెనీ పెద్ద బాయిలర్ కొంది, అయిదు నెలలు ఆలస్యమైంది. వ్యాపారం పెంచుకోవడానికే అని అమ్మినవాళ్లకు తెలుసు. అందుకని మామూలు లాండ్రీ లాభం వచ్చింది. కానీ ప్రభుత్వ శాఖతో కుదుర్చుకున్న, మామూలు కంటే బాగా లాభమిచ్చే అద్దకం పనుల సంగతి వాళ్లకు తెలియదు. ఆ ప్రత్యేక లాభం రాలేదు. చూశారా, ఒకే యంత్రం, ఒకే ఆలస్యం, ఒక లాభం వచ్చింది, మరొకటి రాలేదు. లాభం పోవడం అనేది మొత్తంగా వచ్చేదో రానిదో కాదు, ఏ లాభం అని అడగాలి. మన 5 లక్షలు రెండో దారిలో ఆగిపోతాయి. కంపెనీకి తెలియదు.

ఎంత అవకాశం ఉంటే చాలు అన్నదానికి ఒక్క వాక్యం రాయండి, చాలు. 1967లో హౌస్ ఆఫ్ లార్డ్స్ హెరాన్ టు కేసులో చెప్పింది: జరిగే అవకాశం తక్కువేమీ కాదు అన్న స్థాయిలో ఆ నష్టం కనబడాలి, ఊహకు అందితే సరిపోదు. నిర్లక్ష్యపు కేసుల్లో వాడే కొలత కంటే ఇది కాస్త గట్టిది. "ముందుగా ఊహించగలిగిన ఏ నష్టమైనా" అని రాస్తే అది టార్టుల పేపర్లోకి వెళ్లిపోతుంది, జాగ్రత్త.

జూన్ 1 తర్వాత ఏం చేశాడు

ఇప్పుడు మార్చి వదిలేయండి. జూన్ 1 ఉదయం యజమాని పక్కన నిలబడండి.

మిటిగేషన్‌ను బాధ్యత అంటారు, నిజానికి అది బాధ్యత కాదు. తగ్గించుకోలేదని అతని మీద ఎవరూ దావా వేయలేరు. సహేతుకంగా ప్రవర్తించి ఉంటే తప్పేదని తేలిన నష్టానికి మాత్రం పరిహారం రాదు, అంతే. 1912 నాటి బ్రిటిష్ వెస్టింగ్‌హౌస్ కేసులో ఈ సూత్రం స్పష్టంగా ఉంది. సెక్షన్ 73 చివర ఉన్న వివరణ కూడా ఇదే చెబుతుంది, ఒప్పందం తప్పడం వల్ల వచ్చిన ఇబ్బందిని తొలగించుకోవడానికి ఏ మార్గాలు ఉన్నాయో లెక్కలోకి తీసుకోవాలి అని. తగ్గించుకోలేదని చూపించాల్సిన భారం ప్రతివాదిది. అది రాయడం మర్చిపోకండి, ఒక మార్కు.

కంపెనీ ఏం చూపిస్తుంది? "జూన్ 1న 44కు దొరికింది, రెండు వారాల్లో వచ్చేది. నువ్వు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నావు." నిజమే. మరి జూన్ 1నే ఆర్డరు పెట్టాలా? అంత కఠినంగా చూడరు. తప్పు చేసినవాడే తీరిగ్గా కూర్చుని, బాధపడ్డవాడు ఇంకాస్త మెరుగ్గా చేసుండాల్సింది అనడాన్ని కోర్టులు సన్న త్రాసులో తూచవు. 44 లక్షల కొనుగోలుకు అమ్మేవాళ్లను వెతకాలి, డబ్బు చూసుకోవాలి. ఒక వారం ఇవ్వడం సహేతుకం. మీరు పది రోజులు ఇచ్చినా తప్పు కాదు, ఎందుకో రాస్తే చాలు. నాలుగు వారాలు ఇస్తే మాత్రం సమర్థించలేరు, "మేం ఇవ్వలేం" అని కంపెనీ తేల్చి చెప్పేసింది కదా.

వారం పట్టిందనుకుందాం. జూన్ 8న ఆర్డరు, ధర ఇంకా 44. మెషీను జూన్ 22న వస్తుంది. ఇప్పుడు గమనించండి, ఈ ఒక్క నిర్ణయం రెండు పద్దుల్ని మారుస్తుంది. ధర 47 కాదు 44, కాబట్టి 7 లక్షలు కాస్తా 4. వారాలు ఆరు కాదు మూడు, కాబట్టి 70 వేలు ఇంటూ 3, అంటే 2 లక్షల 10 వేలు. చాలామంది ధరను తగ్గించి వారాలను అలాగే ఆరు ఉంచేస్తారు. లేదా వారాలు తగ్గించి ధర 47 వాడతారు. ఏ రోజు ఆర్డరు పెట్టి ఉండాల్సింది అని ఒక తేదీ నిర్ణయించి, అన్ని పద్దుల్లో అదే తేదీ వాడండి.

అద్దె మెషీను 30 వేలు. "అది పనికి రాలేదు కదా, దండగ ఖర్చు" అని కొట్టేస్తారు. కాదు. తెచ్చిన రోజున అది తెలివైన పనేనా అని చూడాలి, ఫలించిందా అని కాదు. నష్టాన్ని తగ్గించడానికి సహేతుకంగా పెట్టిన ఖర్చు, ఫలించకపోయినా వస్తుంది. ఒకవేళ అది పనిచేసి వారానికి 20 వేలు తెచ్చి ఉంటే? అప్పుడు ఆ రాబడిని నష్టంలోంచి తీసేయాలి. తగ్గించిన నష్టం తగ్గినట్టే.

ఇక కూడండి. ధర తేడా 4 లక్షలు, పని నష్టం 2 లక్షల 10 వేలు, అద్దె 30 వేలు. మొత్తం 6 లక్షల 40 వేలు నష్టపరిహారం. దానితోపాటు అడ్వాన్సు 10 లక్షలు వెనక్కి. చేతికి వచ్చేది 16 లక్షల 40 వేలు. అడిగింది 31 లక్షల 30 వేలు.

సరిచూసుకునే దారి ఉంది, అర నిమిషం పని. సహేతుకంగా ప్రవర్తించిన యజమాని ఎంత పోగొట్టుకుంటాడు? అడ్వాన్సు 10, రెండో మెషీనుకు 44, పని 2 లక్షల 10 వేలు, అద్దె 30 వేలు. 56 లక్షల 40 వేలు. అందులోంచి వచ్చిన 16 లక్షల 40 వేలు తీసేయండి. ఎంత మిగిలింది? 40 లక్షలు. ఒప్పందం సవ్యంగా జరిగుంటే మెషీనుకు అతను పెట్టేది ఎంత? 40 లక్షలే. సరిపోయింది. ఈ అంకె కలవలేదంటే ఎక్కడో ఒక పద్దు రెండుసార్లు పడింది, లేదా వదిలేశారు.

ప్రశ్న తయారుచేసేవాళ్లు ఒకటి రెండు వాక్యాలు మార్చి మళ్లీ అడుగుతారు, అవి కూడా చూద్దాం. జూన్ 4న అదే కంపెనీ వెనక్కి వచ్చి, "మిగతా 30 లక్షలు ముందే నగదుగా కట్టండి, జూన్ 10న మెషీను ఇస్తాం" అందనుకోండి. ఒప్పందం తప్పినవాడి దగ్గరే మళ్లీ కొనాలా? 1919 నాటి పేజు వర్సెస్ సాండర్స్ అవుననే అంటుంది. అక్కడ అమ్మకందారు అప్పు మీద ఇవ్వనని, నగదుకైతే అదే ధరకు ఇస్తానని అన్నాడు. కొనేవాళ్లు ఒప్పుకోలేదు, మార్కెట్ ధర పెరిగింది, ఆ తేడా వాళ్లకు రాలేదు. వ్యాపార లావాదేవీల్లో పంతానికి ధర కట్టరు. అలాగైతే మన ప్రశ్నలో 4 లక్షల ధర తేడా పోతుంది, పని నష్టం జూన్ 10 దాకానే. కానీ ఇక్కడ ఒక తేడా రాయండి: అడ్వాన్సు 10 లక్షలు పట్టుకుని కూర్చున్న కంపెనీకి, మెషీను చూడకుండా, ఇంకో 30 లక్షలు ముందే కట్టడం సహేతుకమా? పేజులో అలాంటి భయం లేదు. నా ఉద్దేశంలో, హామీ ఏమీ లేకపోతే ఈ ప్రతిపాదన కాదనడం తప్పు కాదు. మీరు అటు వాదించినా ఇటు వాదించినా కారణం ఉండాలి.

రెండో మార్పు. పుస్తకాల ఆర్డరు సంగతి యజమాని మే 20న కంపెనీకి చెప్పాడనుకోండి. డెలివరీకి ముందే చెప్పాడు, ఉల్లంఘనకు ముందే చెప్పాడు. 5 లక్షలు వస్తాయా? తల ఊపుతున్నారు కొందరు. రావు. మే 20 నాటికి ధర కుదిరిపోయింది, ఆ ప్రమాదాన్ని లెక్కలో వేసుకుని ఎక్కువ ధర అడిగే అవకాశం, లేదా "ఆ బాధ్యత మాకొద్దు" అని షరతు పెట్టే అవకాశం కంపెనీకి లేదు. చూడాల్సింది మార్చి 10. అదే సంగతి మార్చి 5న, సంతకాలకు ముందు, ఆర్డరు వివరాలతో చెప్పాడనుకోండి. అప్పుడు రెండో దారి తెరుచుకుంటుంది, 5 లక్షలు లోపలికి వస్తాయి. అప్పుడు మిటిగేషన్ అడగాలి: త్వరగా మెషీను తెచ్చుకుని ఉంటే ఆ ఆర్డరు దక్కేదా? ఖాతాదారు జూన్ 7నే రద్దు చేసుకున్నాడు, సహేతుకంగా వెళ్లినా మెషీను వచ్చేది జూన్ 22న. దక్కేది కాదు, కాబట్టి తగ్గింపు లేదు. అది రాత్రి షిఫ్టు పని, మామూలు పని గంటల్ని తినదు, కాబట్టి 70 వేలతో కలిసిపోదు. అప్పుడు నష్టపరిహారం 11 లక్షల 40 వేలు, అడ్వాన్సుతో కలిపి 21 లక్షల 40 వేలు. ప్రశ్నలో "రాత్రి షిఫ్టు" అన్న మాట లేకుండా ఉంటే, ఆ వారాల మామూలు పనిని ఇందులోంచి తీసేయాల్సి వచ్చేది. ఆ రెండు మాటలు అందుకే అక్కడున్నాయి.